ఓటీపీ మెసేజ్‌లో ఒక సున్నా ఎక్కువుంది

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. పరకాల దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కల సారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాం. మే నెల కరెంటు బిల్లు 1,846 రూపాయలు వచ్చింది. ఎప్పుడూ ఫోన్‌లో యాప్‌లోనే కడతాను. ఆ ఆదివారం రాత్రి యాప్ ఎంతకీ బిల్లు చూపించలేదు. సరే, కంపెనీ వెబ్‌సైట్‌లోనే కడదామని వెతికి, అన్నిటికన్నా పైన వచ్చినదాన్ని నొక్కాను. లోగో, రంగులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సర్వీస్ నంబర్ కొట్టగానే ఇంటిపేరుతో సహా నా పేరు, 1,846 రూపాయలు చూపించింది. కింద ఎర్ర అక్షరాల్లో ‘ఈ రాత్రి 9.30కి సరఫరా నిలిపివేయబడును’ అని ఉంది. గడియారం చూస్తే తొమ్మిదీ పది. మా ఇంటామె ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. టెన్షన్‌లో డెబిట్ కార్డు నంబర్, గడువు తేదీ, వెనకాల మూడంకెలు, ఫోన్ నంబర్ అన్నీ ఇచ్చేశాను. ఓటీపీ వచ్చింది. కొట్టబోతూ అలవాటు కొద్దీ మెసేజ్ మొదటి నుంచి చదివాను. 18,460 అని ఉంది. అక్కడే ఆపేశాను. తొమ్మిదిన్నర దాటింది, కరెంటు పోలేదు.

మర్నాడు ‘కరెంటాఫీసు నుంచి’ అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా, ‘మీ పేమెంట్ సగంలో ఆగింది సార్, ఒక యాప్ పంపుతున్నా, ఇన్‌స్టాల్ చేసుకోండి’ అన్నాడు. వాట్సాప్‌లో ఏదో ఫైల్ వచ్చింది. తెరవలేదు కానీ అది ఇంకా ఫోన్‌లోనే ఉంది. బిల్లు కౌంటర్‌కు పోయి కట్టొచ్చాను. పైసా పోలేదు, కానీ నిద్ర పోయింది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ‘బాపూ, ఇగ బిల్లులన్నీ నేనే కడత, నువ్వు ఫోన్ల జోలికి పోకు’ అంటున్నాడు. మా ఇంటామె ‘మొదటి లెక్క కౌంటర్‌ల కట్టుకుంటే ఈ లొల్లే లేదు’ అంటున్నది. 34 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని, ఇంత తేలిగ్గా ఎలా పడబోయాను? నా పేరు, బిల్లు వాళ్లకెలా తెలిశాయి? కార్డు బ్లాక్ చేయించాలా? మా అబ్బాయి మాట వినాలా?

– ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ

జవాబు: నమస్తే సార్. కార్డు గురించి మీ మెయిల్ చూసిన రోజే రెండు ముక్కలు రాసి పంపాను. మిగతాది కాస్త తీరిగ్గా చెప్పాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నవాణ్ని. పోయిన డబ్బు కోసం వచ్చినవాళ్లను చూశాను, పోబోయి మిగిలినవాళ్లను కూడా చూశాను. రెండో రకం వాళ్లు కౌంటర్ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. పోయినవాళ్లకు ఫిర్యాదు రాసే పని ఉంటుంది, వీళ్లకు ఏమీ ఉండదు. ‘ఇంకొక్క నిమిషమైతే’ అన్న ఒక్క మాటే తిప్పి తిప్పి చెప్పుకుంటారు.

మీ పేరు వాళ్లకెలా తెలిసిందనే ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిమ్మల్ని నమ్మించింది అదే కాబట్టి. ఒకసారి మీ పేమెంట్ యాప్‌లో పక్కింటివాళ్ల సర్వీస్ నంబర్ కొట్టి చూడండి. వాళ్ల పేరు, కట్టాల్సిన మొత్తం మీకూ కనబడతాయి. అలా ఉండటం తప్పేమీ కాదు. కొడుకు తండ్రి బిల్లు కట్టాలన్నా, కిరాయికున్నవాళ్లు ఓనర్ పేరు మీదున్న బిల్లు కట్టాలన్నా అలా కనబడాల్సిందే. అంటే సర్వీస్ నంబర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆ బిల్లు చూడొచ్చు. దొంగ సైటు చేయాల్సింది కూడా ఇంతే. మీరు కొట్టిన నంబర్‌ను ఇంకోచోట కొట్టి, అక్కడ వచ్చిన పేరు, మొత్తం తెచ్చి మీ ముందు పెడితే సరిపోతుంది. మీ వివరాలు ఎక్కడో ‘లీక్’ అయ్యాయని భయపడాల్సిన అవసరం లేదు. ఆ నంబర్ వాళ్లకు ఇచ్చింది మీరే, రెండు సెకన్ల ముందు. పేరు సరిగ్గా చూపించినంత మాత్రాన ఆ సైటు కరెంటు కంపెనీది అయిపోదు.

ఇక అసలు లెక్క. ఆ రాత్రి వాళ్ల వెనకాల ఏం జరిగి ఉంటుందో, ఈ తరహా మోసాల్లో మామూలుగా జరిగేదాన్ని బట్టి చెబుతాను. మీరు కార్డు వివరాలు నింపిన పేజీకి మీ బ్యాంకుతో సంబంధమే లేదు. అదొక ఖాళీ ఫారం, అంతే. మీరు అందులో రాసినవి తీసుకుని, అదే సమయంలో వాళ్లు నిజమైన ఏదో ఒక అమ్మకాల సైటులో కొట్టారు. అక్కడ 18,460 రూపాయలకు ఏదో కొనబోయారు. ఆ నిజమైన సైటు మీ బ్యాంకును అడిగింది, బ్యాంకు మీకు ఓటీపీ పంపింది. అందుకే ఓటీపీ అసలైనదే, వచ్చిందీ మీ బ్యాంకు నుంచే. ఆ రాత్రి మీ ఫోన్‌లో కనబడినవాటిలో దొంగల చేయి పడనిది ఆ ఒక్క మెసేజే. పేజీ మీద 1,846 అని రాయడం వాళ్ల చేతిలో పని. బ్యాంకు మెసేజ్‌లో ఉన్న అంకెను మార్చడం వాళ్ల చేతిలో లేదు.

అంకె ఎంచుకోవడంలో కూడా వాళ్ల తెలివి చూడండి. 1,846, 18,460. అవే అంకెలు, అదే వరుస, చివర సున్నా ఒక్కటే ఎక్కువ. కంగారులో ఉన్నవాడి కన్ను ‘పద్దెనిమిది, నలభై ఆరు’ వరకు చూసి సరేననుకుంటుంది. మీరు 34 ఏళ్లు పిల్లల నోటు పుస్తకాల్లో కామా ఎక్కడ పడిందో చూసినవారు కాబట్టి మీ కన్ను ఆగింది. ‘ఇంత తేలిగ్గా ఎలా పడబోయాను’ అని అడిగారు. పడబోయింది ఇన్సులిన్ పాడవుతుందని భయపడ్డ మనిషి, ఆపింది లెక్కల సారు. ఇద్దరూ మీరే కదా.

మెసేజ్‌లో దుకాణం పేరు కూడా ఉంటుంది. మీరు దాని సంగతి రాయలేదు, ఒకసారి చూడండి. కాకపోతే పేరొక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేం. అసలైన చెల్లింపుల్లో కూడా కొన్నిసార్లు కరెంటు కంపెనీ పేరుకు బదులు మధ్యలో డబ్బు వసూలు చేసే గేట్‌వే కంపెనీ పేరు వస్తుంది. మొత్తం మాత్రం బిల్లుతో కలవాలి. సర్వీస్ ఛార్జీ లాంటిది ఏదైనా కలిసినా కొద్ది రూపాయల తేడాయే ఉంటుంది, పది రెట్లు ఉండదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. వాళ్ల దగ్గర కార్డు నంబర్ ఉంది, గడువు తేదీ ఉంది, వెనక మూడంకెలున్నాయి, ఫోన్ నంబర్ ఉంది. లేనిది ఓటీపీ ఒక్కటే. మర్నాడు వచ్చిన ఫోన్, వాట్సాప్ ఫైలు ఆ ఒక్కదాని కోసమే. అవి రెండూ వేరే మోసాలు కావు సార్, ఆదివారం రాత్రి ఆగినదానికి రెండో భాగం. ఆ ఫైలు పేరు చివర `.apk` అని ఉంటుంది, చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే ఫైలు అది. అలాంటివి ఎక్కగానే ‘మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇవ్వండి’ అని అడుగుతాయి. ఇస్తే ఇక ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు, అదే చదివి వాళ్లకు పంపేస్తుంది. ‘నేనెవరికీ ఓటీపీ చెప్పలేదండీ, అయినా డబ్బు పోయింది’ అని ఈమధ్య వింటున్నామే, వాటిలో చాలావాటి వెనక ఉండేది ఇదే.

మీరు తెరవలేదు కాబట్టి ఆ ఫైలు ప్రస్తుతానికి అగ్గిపెట్టెలో పుల్ల లాంటిది, గీస్తేనే అంటుకుంటుంది. వాట్సాప్‌లో ఆ మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, ఫోన్‌లోంచి కూడా పోయేలా డిలీట్ చేయండి. తర్వాత ఫోన్‌లో `Files` తెరిచి `Downloads`లో కూడా దాని పేరు ఉందేమో చూసి తీసేయండి. ముందుగా ఆయన నంబర్, ఫైలు పేరు కనబడేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను. అలాగే `Settings`లో `Install unknown apps` అని వెతికితే ఒక జాబితా వస్తుంది. అందులో వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు అనుమతి ఉంటే తీసేయండి. ఇక మనవడెవరైనా ఆడుకుంటూ అలాంటి ఫైలు నొక్కినా ఫోన్ వెంటనే ఎక్కించుకోదు. ఫోన్ మొత్తం రీసెట్ చేయించాలని షాపువాళ్లు అంటే వినకండి. ఫైలు తెరిచి ఉంటే ఆ మాట వేరు.

కార్డు సంగతి. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఏమీ చేయకుండా ఉండిపోవడం. ‘ఓటీపీ ఇవ్వలేదు కదా, ఏమవుతుంది’ అనిపిస్తుంది. మన దేశంలోని సైట్లలో మామూలుగా కార్డుతో కొనాలంటే ఓటీపీ లాంటి రెండో తాళం అడుగుతారు, నిజమే. కానీ విదేశీ సైట్లలో చాలావాటికి ఆ తాళం లేదు. నంబర్, తేదీ, మూడంకెలు ఉంటే చాలు. మీ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉంటే మీకు తెలియకుండానే డబ్బు పోవచ్చు. డాలస్ పోయినప్పుడు ఎప్పుడైనా తెరిపించారేమో గుర్తు చేసుకోండి. కాబట్టి ఈ దారి నేను చెప్పను.

రెండోది కార్డును ఉంచి దాని తలుపులు మూసేయడం. 2020 అక్టోబరు నుంచి ఈ వీలు ప్రతి కార్డుకూ ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, ఏటీఎం, దుకాణంలో గీకడం, ఇలా దేనికది విడిగా ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో ఉంటుంది. యాప్ లేకపోతే బ్రాంచిలో చేసిపెడతారు. ఆన్‌లైన్, విదేశీ రెండూ ఆఫ్ చేస్తే వాళ్ల దగ్గరున్న నంబర్లతో ఇక కొనలేరు. మీకు ఏటీఎంలో డబ్బు తీసుకోవడం మామూలుగానే ఉంటుంది. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. ఒక్కటే చిక్కు. ఏడాది తర్వాత ఏ రైలు టికెట్టుకో ఆన్‌లైన్ వాడకం ఆన్ చేస్తారు, తర్వాత ఆఫ్ చేయడం మర్చిపోతారు. వాళ్ల దగ్గరున్న నంబర్ అప్పటికీ చెల్లుతూనే ఉంటుంది.

మూడోది పాత కార్డును పూర్తిగా బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడం. కొత్త కార్డుకు నంబర్ మారుతుంది, మూడంకెలు మారుతాయి, వాళ్ల దగ్గరున్నవి ఎందుకూ పనికిరావు. బ్యాంకును బట్టి కొంత రుసుం పడుతుంది, పోస్టులో రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు చేతిలో డబ్బు ఎలా అని మీకు బెంగ ఉంటే, బ్రాంచిలో విత్‌డ్రాయల్ ఫారం రాసి, పాస్‌బుక్ చూపించి తీసుకోవచ్చు. ఫోన్‌లో యూపీఐ కూడా ఆగదు. అది ఖాతాకు, మీ సిమ్ నంబర్‌కు కట్టి ఉంటుంది తప్ప కార్డుకు కాదు. ఏదైనా నెలవారీ చందా ఆ కార్డు మీద కట్టించుకుని ఉంటే అది మాత్రం ఆగిపోతుంది.

నేనైతే రెండోదాన్ని ఈ క్షణం చేసి, ఈ వారంలోనే మూడోది చేస్తాను. మీ పెన్షన్ పడేది ఆ ఖాతాలోనే అని మీ మెయిల్‌ను బట్టి అనిపించింది కాబట్టి ఇలా అంటున్నాను. మరీ ముఖ్యంగా, బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కోసం మళ్లీ ఫోన్‌లో వెతకకండి. బిల్లు సైటు ఎలా దొరికిందో ఆ నంబర్ కూడా అలాగే దొరుకుతుంది. కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని దాన్నే చూడండి.

ఎలా దొరికిందీ అంటే, మీరు నొక్కినదాని పైన చిన్నగా `Sponsored` అని ఉండి ఉంటుంది. అంటే డబ్బిచ్చి పైకి తెప్పించుకున్న ప్రకటన. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన వచ్చింది కదా, అదే అసలుదనుకోవడం బస్టాండ్‌లో అందరికన్నా గట్టిగా పిలిచినవాడి బండి ఎక్కడం లాంటిది. పైగా మన దగ్గర ఒక గందరగోళం తోడైంది. 2024లో TS కాస్తా TG అయి, మన కరెంటు కంపెనీ TSNPDCL పేరు TGNPDCLగా మారింది. పాత పేరు, కొత్త పేరు రెండూ జనం నోట్లో ఉన్నాయి. పేరు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా ‘కొత్తది అయ్యుంటుందిలే’ అనుకుంటాం. అదే ఏడాది జూలైలో తెలంగాణలో కరెంటు బిల్లులు పేమెంట్ యాప్‌లలో కట్టడం కొంతకాలం ఆగి, జనమంతా కంపెనీ సైటు ఏదని వెతుక్కున్నారు. మీకూ ఆ అలవాటు అప్పుడే పడిందేమో.

అడ్రసు చదవడం మీకు ఒక్క ఉదాహరణతో వస్తుంది. ఇది చూడండి:

`tgnpdcl.pay-bill.example/warangal`

మనం ఎడమ నుంచి చదువుతాం కాబట్టి మొదట tgnpdcl కనబడి మనసు కుదుటపడుతుంది. కానీ ఇంటి యజమాని పేరు ఎడమ చివర ఉండదు. మొదటి గీత `/` వరకు వచ్చి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. చివరి చుక్క తర్వాత `example`, దానికి ముందు `pay-bill`. ఈ రెండూ కలిపితే `pay-bill.example`, యజమాని ఇదే. (ఇది ఎవరికీ ఇవ్వని ఉత్తుత్తి అడ్రసు, ఉదాహరణల కోసమే పెట్టింది.) దాని ముందు చుక్క పెట్టి tgnpdcl అని కాదు, ఎవరి పేరైనా రాసుకోవచ్చు. అద్దెకున్నవాడు తన గదికి కలెక్టరాఫీస్ అని బోర్డు పెట్టుకున్నట్టు. తాళం గుర్తు ఉందా లేదా అని చూడమని ఒకప్పుడు మేమే చెప్పేవాళ్లం. ఇప్పుడు అది పనికిరాదు. మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు బయటివాళ్లకు వినబడవని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగ అయినా ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది.

నిజం చెప్పాలంటే, రాత్రి తొమ్మిదిం పావుకు టెన్షన్‌లో ఎవరూ అడ్రసు వెనక నుంచి చదవరు. నేను కూడా చదవను. కాబట్టి ఆ టెన్షన్ సంగతే చూద్దాం. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బిల్లు కట్టలేదని సరఫరా ఆపాలంటే కనీసం పూర్తిగా 15 రోజులు ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇరవై నిమిషాల నోటీసు అనేది లేనే లేదు. మీ బిల్లు కాగితం తీసి చూడండి, కట్టాల్సిన చివరి తేదీ ఒకటి ఉంటుంది, కనెక్షన్ తీసే తేదీ దాని తర్వాత ఉంటుంది. అయినా హన్మకొండలో ఎవరికి తెలియదు సార్, ఫ్యూజు పీకాలంటే లైన్‌మన్ పగటిపూట గేటు ముందు నిలబడి ‘సారూ, బిల్లు కట్టలే’ అని ఒక కేకేస్తాడు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు స్తంభమెక్కడు. ఎవరైనా గంటలు, నిమిషాలు చెప్పి కరెంటు తీస్తామంటే, ఆ కాగితం చేతిలోకి తీసుకుని తేదీ చూడండి. అనుమానం తీరకపోతే 1912కు ఫోన్ చేయండి, కరెంటు ఫిర్యాదుల నంబర్ అదే.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. ఆయన భయం అర్థమవుతుంది. వేల మైళ్ల దూరంలో ఉన్నవాడికి చేతిలో ఉన్న ఒకే ఒక్క పరిష్కారం అది. బిల్లులు ఆయనకిస్తే మీకు ఒక పని తగ్గుతుంది, సర్వీస్ నంబర్ ఉంటే మన యాప్‌లో ఆయన కట్టగలడు కూడా. కానీ రెండు సంగతులు ఆయన చూడలేదనిపిస్తోంది. ఒకటి, బిల్లు ఎవరు కట్టినా దొంగ ఫోన్ వచ్చేది మీకే, ఆయనకు కాదు. పైగా అప్పుడు బిల్లు కట్టారో లేదో మీకు నేరుగా తెలియదు. ‘మీ వాడు కట్టలేదు సార్, ఈ రాత్రి తీస్తున్నాం’ అని పగటిపూట ఎవడో అంటే, డాలస్‌లో అది అర్ధరాత్రో తెల్లవారుజామో, అడగడానికి మనిషి దొరకడు. ఇప్పటికన్నా అప్పుడే ఎక్కువ కంగారు పడతారు. రెండోది, నెలకోసారి కట్టే అలవాటు పోతే, ఏది మామూలు, ఏది తేడా అనే పట్టు కూడా పోతుంది. మిమ్మల్ని ఆ రాత్రి కాపాడింది ఆ పట్టే. ఇవ్వాలనుకుంటే ఒక షరతు మీద ఇవ్వండి. కట్టిన రోజే రసీదు మీ వాట్సాప్‌కు పంపాలి, ఆ తేదీని మీరు బిల్లు మీద పెన్నుతో రాసుకోవాలి.

మీ ఇంటామె చెప్పిన కౌంటర్ దారి చెడ్డదేం కాదు. కౌంటర్‌లో గానీ మీసేవలో గానీ కట్టి రసీదు జేబులో పెట్టుకొస్తే దొంగ సైటు మాటే లేదు. ఎండాకాలం ఆ లైన్లో నిలబడటం, కౌంటర్ సెలవు రోజులు, మీ మోకాళ్లు, ఇవి మాత్రం లెక్కలోకి తీసుకోండి.

ఫోన్‌లోనే కట్టాలనిపిస్తే మీరు ఎప్పుడూ వాడే యాప్ దారే మంచిది. కరెంటు బిల్లుల విభాగంలో మన డిస్కం పేరు ఎంచుకుని కట్టే చెల్లింపు భారత్ బిల్‌పే వ్యవస్థ గుండా పోతుంది. దాన్నే ఇప్పుడు భారత్ కనెక్ట్ అంటున్నారు. అక్కడ డబ్బు ఎవరికి పోవాలో ముందే కట్టుబడి ఉంటుంది, మధ్యలో ఎవరూ తమ ఖాతా ఇరికించలేరు. మీ నుంచి అడిగేది యూపీఐ పిన్ ఒక్కటే, కార్డు వెనక మూడంకెలు అడగదు. ఆ ఆదివారంలాగా అది పనిచేయకపోతే ఫోన్ పక్కన పెట్టి మర్నాడు మళ్లీ చూడండి. వెతకడం మొదలుపెట్టే ఆ నిమిషమే ప్రమాదం. అందుకే చివరి తేదీకి నాలుగైదు రోజుల ముందే కట్టే అలవాటు చేసుకుంటే, ఒక రోజు యాప్ మొరాయించినా మీకు తొందర ఉండదు.

ఈ మూడు దారుల్లో మీరు ఏది ఎంచుకున్నా పెన్షన్ ఖాతాను దీనికి దూరంగా పెట్టడం మంచిది. వేరే చిన్న ఖాతా ఒకటి తెరిచి, నెలకు బిల్లులకు సరిపడా నాలుగైదు వేలు అందులో వేసి, ఫోన్‌లో దాన్నే జోడించండి. పొరపాటు జరిగినా పోయేది అందులో ఉన్నంతే. కనీస నిల్వ ఎంత ఉంచాలో మాత్రం తెరిచేముందు అడగండి, బ్యాంకు బ్యాంకుకూ తేడా ఉంటుంది.

స్క్రీన్‌షాట్ ఎందుకన్నానంటే, డబ్బు పోకపోయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. `cybercrime.gov.in`లో అనుమానాస్పద సైట్లను, నంబర్లను తెలియజేసే చోటు ఉంది. మీకు వచ్చిన ఫోన్ గురించి `sancharsaathi.gov.in`లో చక్షు అనే విభాగంలో చెప్పొచ్చు. 1930 నంబర్ డబ్బు పోయిన వెంటనే చేయాల్సింది. అక్కడ ప్రతి నిమిషం లెక్కే, డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపడానికి. మీకు ఈసారి దాని అవసరం రాలేదు, కానీ గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి. బ్రౌజర్ హిస్టరీలో ఆ సైటు అడ్రసు ఇంకా ఉంటుంది. దాన్ని నొక్కకుండా చూసి రాసుకోండి, ఫిర్యాదులో అదే ముఖ్యం.

ఆ ఓటీపీ మెసేజ్‌ను మాత్రం డిలీట్ చేయకండి. బ్యాంకుకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో అమ్మాయికి చూపిస్తే, కార్డు ఎందుకు మార్చాలో మీరు వివరించే పనే ఉండదు. సోమవారం పొద్దున రద్దీగా ఉంటుంది, మంగళవారం వెళ్లండి.